అత్తిలి నుంచి విదేశీ పిల్లలకి లెక్కలు: ట్యూటర్ ప్రొఫైల్‌లో అసలు ఏం రాయాలి?

అత్తిలి నుంచి మాట్లాడుతున్నాను. ఈమధ్య నాకు వాట్సాప్‌లో ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "మాస్టారూ, నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేశాను, ఇంగ్లీషు బానే మాట్లాడతాను, ఫారిన్ పిల్లలకి ఆన్‌లైన్‌లో చెబుదామని ప్రొఫైల్ పెట్టాను, మూడు నెలలైంది, ఒక్కరూ రాలేదు. ఏం తప్పుంది?" అని. తాడేపల్లిగూడెం నుంచి అడుగుతున్నారు, తణుకు నుంచి అడుగుతున్నారు, భీమవరం నుంచి అడుగుతున్నారు. అందరి ప్రొఫైళ్ళూ తెప్పించుకుని చూశాను. పేర్లు తీసేస్తే ఎవరిది ఏదో చెప్పలేం. అన్నిట్లోనూ అవే మాటలు.

నేను లెక్కలే చెబుతాను కాబట్టి లెక్కల ట్యూటర్ ప్రొఫైల్ గురించే మాట్లాడతాను. అందులోనూ ఎక్కువగా ఇంగ్లండ్ పిల్లల గురించి. ఒక దేశం సంగతి సరిగ్గా అర్థమైతే, మిగతా దేశాలకి ఏం వెతుక్కోవాలో మీకే తెలుస్తుంది.

ముందు చిన్న నేపథ్యం. మన దేశం నుంచి విదేశీ పిల్లలకి ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పడం కొత్తేమీ కాదు. 2005లో బెంగళూరులో ట్యూటర్‌విస్టా అనే కంపెనీ మొదలైంది. ఇక్కడి టీచర్లు అమెరికా పిల్లలకి చెప్పేవారు. 2011లో అందులో ఎక్కువ వాటా పియర్సన్ తీసుకుంది, 2017లో దాన్ని బైజూస్ కొనుక్కుంది. అలాంటి కంపెనీలో చేరితే తల్లిదండ్రులు కంపెనీ పేరు చూసి వస్తారు, టీచరు ఎవరో వాళ్ళకి పెద్దగా పట్టదు. సొంతంగా చెప్పుకునేవాళ్ళకి ఆ గొడుగు లేదు. రీడింగ్‌లోనో లీడ్స్‌లోనో కూర్చున్న ఒక తల్లికి అత్తిలి ఎక్కడుందో తెలియదు, మీ కాలేజీ పేరు ఎప్పుడూ వినలేదు. ఆవిడ దగ్గర ఉన్నదల్లా ఫోన్‌లో మీ ప్రొఫైల్, దాన్ని చూడ్డానికి ఓ రెండు నిమిషాల టైము.

ఆ రెండు నిమిషాల్లో ఆవిడ వెతికేది మీ డిగ్రీని కాదండీ. "మా అబ్బాయి రాయబోయే పరీక్ష ఈ మనిషికి తెలుసా?" అన్నది మొదటిది. "మా అబ్బాయిలాంటి పిల్లలకి ఈ మనిషి దగ్గర ఏం జరిగింది?" అన్నది రెండోది. మిగతావన్నీ వీటి తర్వాతే.

మా ఊళ్ళోనే, రైల్వేస్టేషన్ వైపు ఉండే ఒకమ్మాయి ప్రొఫైల్‌ని ఆ అమ్మాయి అనుమతితో మీకు చూపిస్తాను. పేరు చెప్పను. ఎమ్మెస్సీ, బీఎడ్. రెండేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో చెప్పింది. ఆన్‌లైన్‌లో మొదలుపెట్టి ఏడాది పైన అయింది. మొదట్లో ఇలా రాసుకుంది. ప్రొఫైల్ ఇంగ్లీషులోనే ఉంటుంది, మనకోసం తెలుగులో చెబుతున్నాను: "ఒకటో తరగతి నుంచి ఇంజినీరింగ్ వరకు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ, జీసీఎస్ఈ, ఐబీ, కామన్ కోర్, శాట్, అన్ని సిలబస్‌లలో నిపుణురాలిని. నూటికి నూరు శాతం ఫలితాలు. ప్రతి పిల్లవాడి మీదా వ్యక్తిగత శ్రద్ధ."

చదవడానికి ఘనంగానే ఉంది. కానీ ఆ తల్లి వైపు నుంచి చూడండి. వాళ్ళబ్బాయి ఇయర్ 10 చదువుతున్నాడు, అంటే పద్నాలుగు పదిహేనేళ్ళవాడు. ఆవిడకి కావలసింది జీసీఎస్ఈ మ్యాథ్స్. ఈ ప్రొఫైల్‌లో జీసీఎస్ఈ అన్న మాట ఆరింటిలో ఒకటిగా ఉంది. ఆవిడ అడిగే మొదటి ప్రశ్న "ఏ బోర్డు?" అని. రెండోది "ఫౌండేషనా, హయ్యరా?" అని. ఈ రెండింటికీ ఇక్కడ జవాబు లేదు.

ఇక్కడ కాస్త ఆగి ఈ సంగతి వివరంగా చెప్పాలి. ఎందుకంటే పిల్లవాడి దారి దీనిమీదే ఉంటుంది.

ఇంగ్లండ్‌లో పదహారేళ్ళ వయసులో జీసీఎస్ఈ రాస్తారు. మన పదో తరగతి లాంటిదనుకోండి. స్కాట్లండ్‌లో పరీక్షలు వేరు, కాబట్టి "యూకే సిలబస్" అని రాయడమే సగం పొరపాటు. ఇంగ్లండ్‌లో కూడా ఒకే బోర్డు లేదు. ముఖ్యంగా ఎడెక్సెల్, ఏక్యూఏ, ఓసీఆర్ అని మూడున్నాయి. స్కూలు తనకి నచ్చినది ఎంచుకుంటుంది. లెక్కలకి ఎడెక్సెల్ కోడ్ 1MA1, ఏక్యూఏది 8300, ఓసీఆర్‌ది J560. పాఠాలు దాదాపు ఒకటే, ప్రశ్న అడిగే తీరు వేరు. ఎడెక్సెల్‌లో మూడు పేపర్లు, ఒక్కోటి గంటన్నర, ఒక్కోటి 80 మార్కులు, మొత్తం 240. మొదటి పేపర్‌కి కాలిక్యులేటర్ ఉండదు, మిగతా రెండింటికీ ఉంటుంది.

గ్రేడ్లు 9 నుంచి 1 వరకు. 9 అంటే అన్నిటికన్నా ఎక్కువ. ఇప్పుడు అసలు విషయం. పరీక్ష రెండు స్థాయిల్లో ఉంటుంది. ఫౌండేషన్ రాసినవాడికి ఎంత బాగా రాసినా 5 మించి రాదు. 6, 7, 8, 9 కావాలంటే హయ్యర్ రాయాల్సిందే. తర్వాత ఏ లెవెల్‌లో మ్యాథ్స్ తీసుకోవాలంటే చాలా స్కూళ్ళు కనీసం 6 గానీ 7 గానీ అడుగుతాయి. అంటే కంప్యూటర్ సైన్సో ఇంజినీరింగో చదవాలనుకున్న పిల్లవాడు ఫౌండేషన్‌లో ఉండిపోతే, వాడికి తెలియకుండానే పదిహేనేళ్ళకే ఒక తలుపు మూసుకుపోతోందన్నమాట. రెండో వైపు కూడా ఉంది. లెక్కల్లో కనీసం 4 రాకపోతే, తర్వాతి చదువులోనూ లెక్కలు వదలవు, చదువుతూనే ఉండాలి. అందుకని బొటాబొటీగా ఉన్న పిల్లవాడిని హయ్యర్‌కి పంపించడమూ ప్రమాదమే. సాధారణంగా ఇయర్ 11 మధ్యలో, ఫిబ్రవరి ప్రాంతంలో స్కూళ్ళు ఎవరు ఏ స్థాయి రాస్తారో బోర్డుకి పంపేస్తాయి. కాబట్టి ఇయర్ 10 పిల్లవాడి తల్లికి ట్యూటర్ కావలసింది ఈ నిర్ణయం దగ్గర.

ఇంత సంగతి తెలిసిన మనిషి ప్రొఫైల్‌లో "జీసీఎస్ఈ నిపుణురాలిని" అని రాసి ఊరుకోదు కదండీ. "ఎడెక్సెల్ 1MA1, రెండు స్థాయిలూ చెబుతాను. ఫౌండేషన్ నుంచి హయ్యర్‌కి మారాలనుకునే పిల్లలతో ఎక్కువగా పని చేస్తాను" అని రాస్తుంది. ఈ ఒక్క వాక్యం చదివితే ఆ తల్లికి అర్థమైపోతుంది, ఈ అమ్మాయికి మా గొడవేంటో తెలుసని.

మరి ఇక్కడ కూర్చుని అది తెలుసుకోవడం ఎలా? డబ్బు ఖర్చేం లేదు. బోర్డు వెబ్‌సైట్‌లోకి వెళ్ళి స్పెసిఫికేషన్ డౌన్‌లోడ్ చేసుకోండి, అదే సిలబస్ పుస్తకం. పాత ప్రశ్నపత్రాలు, వాటి మార్క్ స్కీములు, గ్రేడ్ హద్దులు కూడా అక్కడే దొరుకుతాయి. తర్వాత ఒక సెట్ మూడు పేపర్లూ మీరే టైము పెట్టుకుని రాయండి. నవ్వకండి. ఎమ్మెస్సీ చేసినవాళ్ళు కూడా దీంట్లో మార్కులు పోగొట్టుకుంటారు. లెక్క రాక కాదు, వాళ్ళు అడిగేది వేరేగా ఉంటుంది. "కారణాలు చెప్పు" అన్నచోట కోణం విలువ రాసి వదిలేస్తాం. హిస్టోగ్రామ్‌లో నిలువు గీత మీద మనం పౌనఃపున్యం పెట్టేస్తాం, అక్కడ తరగతుల వెడల్పు వేరువేరుగా ఉంటుంది కాబట్టి వెడల్పుతో భాగించి పెట్టాలి.

మార్క్ స్కీము చదవడం ఇంకా ముఖ్యం. అందులో M1, A1, B1 అని ఉంటాయి. M అంటే పద్ధతికి, A అంటే కచ్చితమైన జవాబుకి, B అంటే పద్ధతితో పని లేకుండా నేరుగా ఇచ్చేది. రెండు మార్కుల చిన్న లెక్క తీసుకుందాం, నేనే తయారు చేశాను:

```
3x - 7 = 11
3x = 18
x = 5
```

చివర్లో భాగించడం తప్పింది, 6 రావాలి. అయినా రెండో గీత రాశాడు కాబట్టి M1 వస్తుంది, A1 పోతుంది. అదే పిల్లవాడు లెక్క మనసులో చేసేసి `x = 5` అని మాత్రం రాస్తే సున్నా. మన దగ్గరా స్టెప్ మార్కులున్నాయి, కొత్తేమీ కాదు. కానీ ఈ అక్షరాలు తెలిసిన ట్యూటర్ పిల్లవాడి నోట్సు వాళ్ళ స్కూలు టీచరు దిద్దినట్టే దిద్దగలడు. అది ప్రొఫైల్‌లో ఒక ముక్క రాసుకోవచ్చు: "ప్రతి పని బోర్డు మార్క్ స్కీము ప్రకారం దిద్ది, ఏ మార్కు ఎక్కడ పోయిందో రాసి పంపుతాను."

ఇంకా పిల్లలెవరూ లేని కొత్తవాళ్ళకి ఒక దారి చెబుతాను. మీరు టైము పెట్టుకుని రాసిన పేపర్ మీద మీకొచ్చిన మార్కే ప్రొఫైల్‌లో పెట్టండి. ఫలానా సంవత్సరం జూన్ హయ్యర్ పేపర్లు మూడూ రాశాను, 240కి ఇన్ని వచ్చాయి, అని. అది ఫలితాల దగ్గర కాదు, సిలబస్ దగ్గర పెట్టాలి, ఎందుకంటే అది మీ ఫలితం, పిల్లలది కాదు. లేని పిల్లల్ని పుట్టించి రాసేకంటే ఇది వందరెట్లు నయం. దానితోపాటు మూడు నిమిషాల వీడియో ఒకటి పెట్టండి, ఒకే ఒక్క లెక్క చెబుతూ. బోర్డు పేపర్‌లోది ఎత్తి పెట్టకుండా మీరే తయారు చేసిన లెక్క అయితే మంచిది. అందులో మాటలు కూడా అక్కడివే వాడాలి. ఇంగ్లండ్ పిల్లవాడికి వాలు అంటే గ్రేడియెంట్, అమెరికా పిల్లవాడికి స్లోప్. వాడికి ట్రెపీజియం, వీడికి ట్రెపజాయిడ్. స్టాండర్డ్ ఫామ్ అంటే ఇంగ్లండ్‌లో పది ఘాతంతో రాసే సంఖ్య, అమెరికాలో అదే మాట సరళరేఖ సమీకరణం దగ్గర కూడా వస్తుంది. వీడియోలో ఈ ఒక్క మాట తేడా పడినా ఆ పిల్లవాడు గుర్తుపట్టేస్తాడు, తల్లికన్నా ముందు.

ఇక ఫలితాలు. అన్నిటికన్నా ఎక్కువ అబద్ధాలుండేది ఇక్కడే, అన్నిటికన్నా తక్కువ నమ్మేదీ ఇదే. "నూటికి నూరు శాతం" అంటే ఎంతమందిలో? ఇద్దరిలోనా? దేంట్లో వంద? పాసవడంలోనా? ఇంగ్లండ్‌లో మన 35 మార్కుల పాస్ లాంటిది లేదు.

శాతాలతో వచ్చే ఇంకో చిక్కు చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. హయ్యర్ పేపర్ కష్టంగా ఉంటుంది. అందుకని ఎడెక్సెల్ హయ్యర్‌లో గ్రేడ్ 4కి 240లో నాలుగో వంతు కన్నా తక్కువ మార్కులు సరిపోయిన ఏళ్ళున్నాయి. అదే గ్రేడ్ 4కి ఫౌండేషన్‌లో సగానికి పైనే కావాలి. ఇప్పుడు మీరు ప్రొఫైల్‌లో "మా విద్యార్థి 60 శాతం నుంచి 40 శాతానికి వచ్చాడు" అని రాస్తే ఎవరైనా పారిపోతారు. కానీ వాడు ఫౌండేషన్‌లో 60 నుంచి హయ్యర్‌లో 40కి వచ్చుంటే, అది పైకి ఎక్కినట్టు! అందుకని మార్కు ఒక్కటే రాయకూడదు. బోర్డు, స్థాయి, గ్రేడ్, ఈ మూడూ కలిపి రాయాలి. గ్రేడ్ హద్దులు ప్రతి పరీక్షకీ మారతాయి కాబట్టి, ఏ పేపర్ రాశాడో ఆ పేపర్ హద్దుతోనే చూడాలి.

తర్వాత, ఎవరు దిద్దారన్నది. ఇందులో మెట్లున్నాయి. బోర్డు ఇచ్చిన అసలు గ్రేడ్ అన్నిటికన్నా పైది. దాని కింద స్కూలు పెట్టే మాక్ పరీక్ష, ఎందుకంటే అది మన చేతిలో లేదు. మన దగ్గర మనం పెట్టుకున్న టెస్టు అన్నిటికన్నా కింద. అందులోనూ మొదట్లో ఇచ్చిన పేపరే మూడు నెలల తర్వాత మళ్ళీ ఇచ్చి, 31 నుంచి 58కి పెరిగాడని రాయడం ఉంది చూశారూ, అది లెక్కలు పెరగడం కాదు, ఆ పేపర్ గుర్తుండటం. వేరే సంవత్సరం పేపర్ ఇవ్వాలి. ఇది ప్రొఫైల్ రాసే రోజు చేసే పని కూడా కాదు. పిల్లవాడు చేరిన మొదటి వారంలోనే ఒక పేపర్ రాయించి, తేదీ వేసి, దాచుకోవాలి. మొదలు ఎక్కడో రాసి పెట్టుకోకపోతే చివర ఎంత పెరిగిందో ఎవరు చెప్పగలరు?

మా ఊరి అమ్మాయి దగ్గరకి వద్దాం. అదృష్టం కొద్దీ ఆ అమ్మాయి ఒక నోటు పుస్తకంలో అన్నీ రాసిపెట్టుకుంది. ఇద్దరం కూర్చుని లెక్క తీశాం. మొత్తం ఇప్పటిదాకా వచ్చినవాళ్ళు 9 మంది. అందులో ముగ్గురు నెల తిరక్కుండానే మానేశారు. మిగిలింది 6గురు. వాళ్ళలో ఇద్దరు 2025 జూన్‌లో జీసీఎస్ఈ రాశారు. ఒకమ్మాయి ఫౌండేషన్, మొదలుపెట్టినప్పుడు స్కూలు మాక్‌లో 3, చివరికి 5 వచ్చింది. ఒకబ్బాయి హయ్యర్, స్కూలు ముందుగా వేసిన అంచనా 5, వచ్చింది 5. మూడోవాడు ఇయర్ 10లో ఫౌండేషన్ గ్రూపులో ఉండగా జనవరిలో చేరాడు, సెప్టెంబరులో స్కూలు హయ్యర్‌కి మార్చింది, మొన్న నవంబరు మాక్‌లో హయ్యర్‌లో 5 వచ్చింది. నాలుగో పాప అమెరికాలో ఆల్జీబ్రా 1, స్కూలు గ్రేడ్ సీ నుంచి బీ ప్లస్‌కి వచ్చింది. ఇంకో ఇద్దరు చేరి నాలుగు నెలలే, చెప్పుకోడానికి ఇంకా ఏం లేదు.

"ఆ హయ్యర్ అబ్బాయిది తీసేద్దామా మాస్టారూ? ఐదు నుంచి ఐదే కదా, ఏం బాగుంటుంది?" అంది.

"ఉంచమ్మా" అన్నాను. ఎందుకంటే, ఆరుగురిలో ఒకరికి ఏమీ పెరగలేదని చదివిన తల్లి, మిగతా అంకెల్ని నమ్ముతుంది. పైగా అంచనా నిలబెట్టుకోవడం కూడా కొంతమందికి చిన్న పనేం కాదు. మధ్యలో మానేసిన ముగ్గురిని కూడా రాయించాను. కొందరికి ఇది మరీ ఎక్కువ నిజాయితీ అనిపిస్తుంది, తెలుసు. కానీ "మూడు నెలలు, ఆపైన చదివినవారు 9 మందిలో 6గురు" అని రాయకుండా ఆరుగురి సంగతే చెబితే, ఆ ఆరుగురిని మనం ఏరి పెట్టామో, ఉన్నదంతా చెప్పామో ఎవరికీ తెలియదు.

మూడోవాడి సంగతి కొంచెం విడిగా చెప్పాలి, ఆ ప్రొఫైల్‌లో బరువున్న ముక్క అదే కాబట్టి. స్కూలు వాడిని ఫౌండేషన్‌లో పెట్టింది బీజగణితం రాదని. ఆ అమ్మాయి మొదటి వారం పేపర్ రాయించి, అంశాల వారీగా మార్కులు విడదీసింది. చూస్తే బీజగణితం మొత్తం కాదు, రుణ సంఖ్యలు బ్రాకెట్‌లోంచి బయటికి తీసే చోటే పోతున్నాయి. అది ఆరు వారాల్లో సర్దుకుంది. ఆ తర్వాత హయ్యర్‌లో మాత్రమే ఉండేవాటి జాబితా తీసింది: వర్గ సమీకరణానికి సూత్రం, కరణులు, వృత్త సిద్ధాంతాలు, సైన్ కొసైన్ సూత్రాలు, వెడల్పు తేడా ఉన్న హిస్టోగ్రాములు. ఏప్రిల్ నుంచి వారానికి రెండు క్లాసులు. జూలైలో వాడు చేసిన హయ్యర్ పేపర్, దిద్దిన కాగితాలతో సహా తల్లి తీసుకెళ్ళి స్కూలు టీచర్‌కి చూపించింది. స్కూలు సొంతంగా ఇంకో పరీక్ష పెట్టి చూసుకుని మార్చింది. నిర్ణయం స్కూలుది. "నేను హయ్యర్‌కి మార్పించాను" అని రాయకూడదు. స్కూల్లో రోజూ పాఠాలు జరుగుతున్నాయి, ఇంట్లో తండ్రి కూర్చోబెట్టాడు. మన వాటా ఎంతో అంతే చెప్పాలి.

పిల్లల పేర్లు, ఫొటోలు, స్కూలు పేరు, మార్కుల కాగితం స్క్రీన్‌షాట్, ఏవీ పెట్టకూడదు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు వాళ్ళంతా పిల్లలే, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. చట్టం పక్కన పెట్టినా, ఇంకొకరి పిల్లవాడి మార్కుల కాగితం మీ ప్రొఫైల్‌లో చూసిన తల్లి, రేపు తన పిల్లవాడిదీ ఇలాగే పెడతారనుకుంటుంది. "ఇయర్ 10 అబ్బాయి" అంటే చాలు. కావాలంటే పాత తల్లిదండ్రులతో మాట్లాడిస్తానని రాయండి, ముందు వాళ్ళనడిగి.

అమెరికా సంగతి త్వరగా చెప్పేస్తాను. అక్కడ దేశమంతటికీ ఒక బోర్డు లేదు. మనవాళ్ళు అందరూ "కామన్ కోర్ నిపుణులం" అని రాస్తారు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మన తెలుగువాళ్ళు ఎంతమందో! కానీ టెక్సస్ కామన్ కోర్ తీసుకోలేదు. వాళ్ళ ప్రమాణాలు వేరు, TEKS అంటారు. ఆల్జీబ్రా 1 చివర STAAR అనే రాష్ట్ర పరీక్ష ఉంటుంది. ఫ్రిస్కో తల్లికి "కామన్ కోర్" అని కనిపిస్తే, ఈ మనిషికి మా రాష్ట్రం సంగతి తెలియదనుకుంటుంది. అమెరికాకి తరగతి కాదు, కోర్సు పేరు రాయాలి: ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, ఏపీ కాలిక్యులస్ ఏబీ, బీసీ. ఏపీకి మాత్రం దేశమంతా ఒకటే పరీక్ష, మేలో, 1 నుంచి 5 దాకా స్కోరు. ఆస్ట్రేలియాలోనూ రాష్ట్రానికో పేరు. విక్టోరియాలో మ్యాథమెటికల్ మెథడ్స్ అన్నది న్యూ సౌత్ వేల్స్‌లో మ్యాథమెటిక్స్ అడ్వాన్స్‌డ్‌కి దగ్గర. రెండూ తెలియకపోతే ఆస్ట్రేలియా మాటే ఎత్తొద్దు.

టైము కూడా వాళ్ళ టైములో రాయండి. ఇంగ్లండ్‌లో సాయంత్రం నాలుగున్నర అంటే వేసవిలో మనకి రాత్రి 9, చలికాలంలో 10. డాలస్‌లో రాత్రి 7 అంటే వేసవిలో మర్నాడు పొద్దున్న ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. గడియారాలు మార్చే తేదీ రెండు దేశాల్లో ఒకటి కాదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, ఇంగ్లండ్‌లో మార్చి ఆఖరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాల్లో క్లాసులు ఎగిరిపోయేది ఇందుకే. రాత్రి పదకొండున్నర తర్వాత క్లాసు ఇవ్వలేనంటే ఆ ముక్కా రాసేయండి. మన ఊళ్ళో కరెంటు పోతే ఏం చేస్తారో కూడా ఒక మాట ఉండాలి, ఇన్వర్టరు, రెండో సిమ్ము, ఏదున్నా.

చివరికి ఆ అమ్మాయి ప్రొఫైల్ ఇలా తయారైంది:

"ఇంగ్లండ్ జీసీఎస్ఈ మ్యాథ్స్ చెబుతాను, ఇయర్ 9 నుంచి 11 వరకు. ఎడెక్సెల్ 1MA1, ఫౌండేషన్, హయ్యర్ రెండూ. ఏక్యూఏ పేపర్లు కూడా చేయించాను, ఓసీఆర్ ఇంకా చెప్పలేదు. అమెరికా పిల్లలకి ఆల్జీబ్రా 1 ఒక్కటే. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఎడ్, రెండేళ్ళు స్కూల్లో చెప్పాను. మొదటి వారం ఒక పాత పేపర్ రాయించి, ఏ అంశంలో ఎన్ని మార్కులు పోతున్నాయో రాసిస్తాను. ఫౌండేషన్ నుంచి హయ్యర్‌కి మారాలా వద్దా అన్నదానికి ఆ కాగితం మీకు పనికొస్తుంది. ఇప్పటిదాకా 9 మంది చేరారు, మూడు నెలలు, ఆపైన చదివినవారు 6గురు. 2025 జూన్‌లో రాసిన ఇద్దరు: ఫౌండేషన్, మాక్‌లో 3, ఫలితం 5, హయ్యర్, అంచనా 5, ఫలితం 5. ఇయర్ 10లో ఫౌండేషన్‌లో ఉన్న ఒకరు ఇప్పుడు హయ్యర్‌లో ఉన్నారు, స్కూలు మాక్‌లో 5, అసలు పరీక్ష వచ్చే వేసవిలో. ఆల్జీబ్రా 1 విద్యార్థి ఒకరు, స్కూలు గ్రేడ్ సీ నుంచి బీ ప్లస్. ఇద్దరు ఈమధ్యే చేరారు. తల్లిదండ్రులకి తెలుగులో కూడా వివరిస్తాను."

ఫిజిక్స్ పోయింది, కెమిస్ట్రీ పోయింది, ఇంజినీరింగ్ పోయింది. "ఇంత తగ్గించేస్తే ఎవరొస్తారు?" అని వాళ్ళ నాన్నగారు అడిగారు. వచ్చేవాళ్ళు ఇయర్ 10 తల్లిదండ్రులే అవుతారండీ, వాళ్ళకే ఆ అమ్మాయి చెప్పగలదు. ఐబీ కావలసినవాళ్ళు వచ్చి, మొదటి క్లాసులోనే తెలిసిపోయి, వెళ్ళిపోయి, ఓ చెడ్డ మాట రాసే బాధ తప్పుతుంది. ఆ చివరి వాక్యం, తెలుగులో వివరిస్తాననేది, చిన్నదనుకోకండి. అక్కడ పిల్లల్ని చూసుకునేది చాలా ఇళ్ళల్లో అమ్మమ్మలూ నాన్నమ్మలూ, ఆరు నెలలకి వెళ్ళినవాళ్ళు. మనవడు ఎలా చదువుతున్నాడో వాళ్ళకి కూడా తెలియాలి కదా.

కొత్త ప్రొఫైల్ పెట్టిన తర్వాత వచ్చిన మొదటి మెసేజ్ నాకు పంపింది. ఎవరో ఇంగ్లండ్ నుంచి, రెండు గీతలు: "మావాడు ఏక్యూఏ ఫౌండేషన్. మారే టైము ఉందంటారా?" అని. డిగ్రీ అడగలేదు, ఫీజు కూడా అడగలేదు. ఆ అమ్మాయి ముందు స్కూలు మాక్ పేపర్లు పంపమంది.

జీసీఎస్ఈ ఫలితాలు ఆగస్టులో ఒక గురువారం నాడు వస్తాయి. మీ పిల్లలెవరైనా రాసి ఉంటే, ఆ వారం తల్లిదండ్రులకి మెసేజ్ పెట్టి గ్రేడ్ అడగండి, పేరు లేకుండా ప్రొఫైల్‌లో పెట్టుకోవచ్చా అని కూడా అదే మెసేజ్‌లో అడగండి. తక్కువ వచ్చినవాళ్ళని కూడా అడగాలి, ముందు వాళ్ళనే అడగండి. సెప్టెంబరులో స్కూళ్ళు తెరిచేసరికి "అసలు పరీక్ష వచ్చే వేసవిలో" అన్న పాత వాక్యం ప్రొఫైల్‌లో అలాగే ఉండిపోకూడదు.

వచ్చే వారం ఆ మొదటి పేపర్‌ని అంశాల వారీగా ఎలా విడదీయాలో ఒక అసలు మార్కుల షీటు పెట్టి చేసి చూపిస్తాను. ఉంటానండీ.